పెట్టె మీద పుల్ల ఉంటే అది బార్ చార్టా, బాక్స్ ప్లాటా? బొమ్మ చూసి ఎలా చెప్తారు

మిరపతోట
నేను ఎమ్మెస్సీ అగ్రి, వచ్చే వారం సెమినార్‌లో ఒక పేపర్ చెప్పాలి. అందులో ఒకే బొమ్మలో నాలుగు గడులున్నాయి. నా దగ్గరున్నది స్కాన్ కాపీ, బొమ్మ కింద రాసింది సగం తెగిపోయింది. మొదటి గడిలో అడుగు గీత మీంచి లేచిన పెట్టెలు, ఒక్కోదాని నెత్తిన చిన్న పుల్ల. రెండో గడిలో కూడా పెట్టెలే కానీ గాల్లో ఉన్నాయి, పైనా కిందా పుల్లలు, ఒకదాని పైన విడిగా ఒక చుక్క. మూడో గడి నిండా చుక్కలే. నాలుగోదాంట్లో చుక్కల్ని కలుపుతూ గీత. మా సీనియర్ ఏమో మొదటి రెండూ ఒకటే, ఎర్రర్ బార్ పెట్టిన బార్ చార్ట్ అని చెప్పేయ్ అంటున్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. ఇమేజ్ చూసి ఏది ఏ ప్లాటో ఎలా పట్టుకుంటారు, పట్టుకున్నాక దాని గురించి ఏం చెప్పాలి?

క్యాండిల్_రాజు
రెండోది క్యాండిల్ స్టిక్ చార్ట్. మధ్యలో బాడీ, పైనా కిందా విక్. రోజూ పొద్దున్న తొమ్మిదింపావు నుంచి అదే చూస్తుంటా, గాల్లో తేలే పెట్టె అంటే డౌటే లేదు.

పల్నాడు_పిల్లోడు
మిరపకాయకి క్యాండిల్ ఏంటి అన్నా, మార్కెట్ యార్డ్ రేట్లనుకున్నావా 😄

ఎక్సెల్_బాబాయ్
ఇన్సర్ట్ ట్యాబ్‌లోకి వెళ్ళి రికమెండెడ్ చార్ట్స్ నొక్కండి, మీ డేటాకి ఏది సరిపోతుందో అదే చూపిస్తుంది. బార్ కావాలంటే క్లస్టర్డ్ కాలమ్ తీసుకోండి.

మిరపతోట
బాబాయ్ గారూ, నేను గీయాల్సింది కాదండీ, వేరేవాళ్ళు గీసింది చదవాలి. డేటా నా దగ్గర లేదు, బొమ్మ ఒక్కటే ఉంది.

లెక్కల_మాస్టారు
పెట్టె పై అంచు చూడకమ్మా, కింది అంచు ఎక్కడుందో చూడు. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

బార్ చార్ట్‌లో పెట్టెలన్నీ ఒకే గీత మీద నిలబడతాయి, ఆ గీత సున్నా అయి ఉండాలి. అక్కడ చదవాల్సింది పై అంచు ఒక్కటే, అంటే ఒక్కో పెట్టె ఒక్క సంఖ్యే చెప్తుంది, మామూలుగా అది సగటు. పెట్టె లోపలి రంగుకి విడిగా అర్థమేం లేదు, సున్నా నుంచి అక్కడిదాకా పొడవు చూపించడానికే. మీ మొదటి గడి ఇదే.

బాక్స్ ప్లాట్‌లో పెట్టె ఎక్కడ మొదలవుతుందో డేటాయే చెప్తుంది, అందుకే ఒక్కో పెట్టె ఒక్కో ఎత్తులో గాల్లో ఉంటుంది, కింది అంచు కూడా ఒక సంఖ్యే. విలువల్ని చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా పేరిస్తే, కింది పావు అయిపోయే చోట పెట్టె మొదలవుతుంది, ముప్పావు అయ్యే చోట ముగుస్తుంది. లోపల అడ్డంగా ఒక గీత ఉంటుంది చూడు, అది మీడియన్, సరిగ్గా నడిమి విలువ. అంటే మధ్యలో ఉన్న సగం డేటా ఆ పెట్టెలో ఇమిడి ఉందన్నమాట. మీ రెండో గడి ఇది. పెట్టెలో అడ్డగీత ఉందో లేదో జూమ్ చేసి చెప్పు.

మిరపతోట
ఉంది మాస్టారూ! నాలుగు పెట్టెల్లో మూడింటికి గీత ఉంది, అన్నీ సరిగ్గా మధ్యలో లేవు, ఒకదాంట్లో బాగా కిందకి ఉంది. నాలుగోదాంట్లో మాత్రం కనపడట్లేదు.

లెక్కల_మాస్టారు
ఒకే విలువ చాలాసార్లు వస్తే మీడియన్ వెళ్ళి పెట్టె అంచు మీదే కూర్చుంటుంది, అప్పుడు గీత అంచులో కలిసిపోయి కనపడదు. ఆ పెట్టె పై అంచో కింది అంచో కాస్త లావుగా ఉందేమో చూడు. స్కాన్‌లో చెరిగిపోయి ఉండే అవకాశం కూడా ఉంది. గీత లేదని బార్ అనుకోకు, మిగతా మూడూ పక్కనే ఉన్నాయిగా.

కోడ్_కల్పన
ఏ సాఫ్ట్‌వేర్‌లో గీశారో కనిపెడితే ఇంకా తేలిక. ఆర్‌లో మామూలుగా గీస్తే మీడియన్ గీత మిగతావాటికంటే లావుగా నల్లగా వస్తుంది. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అయితే పెట్టె ఖాళీగా ఉండి మీడియన్ నారింజ రంగులో ఉంటుంది. ఎక్సెల్ అయితే పెట్టెలో రంగు నిండి, గీతతో పాటు ఒక ఇంటూ గుర్తు కూడా ఉంటుంది, ఆ ఇంటూ సగటు. సెమినార్‌లో ఇంటూని మీడియన్ అని చెప్పేవాళ్ళని చాలామందిని చూశా.

క్యాండిల్_రాజు
సరే అడ్డగీత ఉందంటే క్యాండిల్ కాదు, ఒప్పుకుంటా, క్యాండిల్ బాడీలో ఏ గీతా ఉండదు. కానీ షేప్ అదే కదా, కింది అంచు ఓపెన్, పై అంచు క్లోజ్, అలాగే పుల్లలు హై, లో. బాక్స్‌లోనూ పుల్ల చివర్లు గరిష్ఠం, కనిష్ఠమే కదా?

లెక్కల_మాస్టారు
అక్కడే తేడా వస్తుంది రాజూ. క్యాండిల్‌లో విక్ చివర నిజంగానే ఆ రోజు హై, లో. బాక్స్ ప్లాట్‌లో అన్నిసార్లూ కాదు. పుల్ల మీద విడిగా చుక్క ఉందని ఆ అమ్మాయి మొదటి పోస్టులోనే రాసింది చూడు. చుక్క పుల్లకి పైన ఉన్నప్పుడు పుల్ల కొస గరిష్ఠం ఎలా అవుతుంది? గరిష్ఠం ఆ చుక్కే. ఇంకోటి, ఓపెన్ కన్నా క్లోజ్ తగ్గితే నీ బాడీ తిరగబడి ఎరుపవుతుంది, బాక్స్‌కి తిరగబడడం అంటూ ఉండదు.

మిరపతోట
మాస్టారూ ఏవైనా అంకెలు పెట్టి చూపిస్తారా, మా గైడ్ తప్పకుండా ఆ చుక్క మీదే అడుగుతారు.

లెక్కల_మాస్టారు
నేనే కొన్ని అంకెలు వేస్తా. ఒకే ఎరువు వేసిన పదకొండు మళ్ళు, ఎకరానికి ఎండు మిర్చి క్వింటాళ్ళలో, వరసగా పేరిస్తే ఇలా ఉన్నాయనుకో: 14, 15, 16, 17, 18, 18, 19, 20, 21, 22, 34.

నడిమిది ఆరోది, 18. అది అడ్డగీత. ఆ నడిమి 18ని రెండు సగాల్లోనూ కలుపుకుంటే కింది సగంలో నడిమిది 16.5, పై సగంలో నడిమిది 20.5, ఇవి పెట్టె అంచులు. పెట్టె ఎత్తు 4. ఇప్పుడు ఆ ఎత్తుకి ఒకటిన్నర రెట్లు తీసుకో, 6 వస్తుంది. పై అంచుకి ఆరు కలిపితే 26.5, కింది అంచులోంచి ఆరు తీసేస్తే 10.5. ఈ రెండూ బొమ్మలో ఎక్కడా కనపడని కంచెలు. పుల్ల కంచెదాకా పోదు, కంచె లోపల ఉన్న చివరి నిజమైన విలువ దగ్గర ఆగుతుంది, అంటే పైన 22, కింద 14. కంచె అవతల మిగిలిన 34 విడిగా చుక్క అవుతుంది. ఇది జాన్ టూకీ పెట్టిన పద్ధతి, 1977లో ఆయన పుస్తకంతో బాగా వాడుకలోకి వచ్చింది.

ఇవే అంకెల్ని బార్ గీస్తే సున్నా నుంచి 19.45 దాకా ఒక పెట్టె లేస్తుంది, అంతే. పదకొండు మళ్ళలో ఎనిమిదో మడి దగ్గరికొస్తే గానీ ఆ సగటు దాటదు, ఎందుకంటే ఆ ఒక్క 34 సగటుని పైకి లాగేసింది. బార్ చూసినవాడికి అలాంటి మడి ఒకటుందని తెలియనే తెలియదు.

పల్నాడు_పిల్లోడు
ఆ 34 కాలవ పక్క మడి అయ్యుంటుంది 😀

మిరియాల_సార్
లేదా 24ని 34గా ఎక్కించి ఉంటారు. పొలంలో రాసుకున్న నోట్‌బుక్ కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడు జరిగే సంగతే ఇది, రీసెర్చ్ స్టేషన్‌లో ఏళ్ళ తరబడి చూస్తున్నా. అందుకే నేను బాక్స్ ప్లాట్‌ని ముందు తప్పులు పట్టడానికే వాడతా. 24 అని దిద్దితే పెట్టె అంచులు, మీడియన్ ఏవీ కదలవు, పై పుల్ల 24 దాకా పొడుగవుతుంది, చుక్క మాయమవుతుంది. బార్ మాత్రం 19.45 నుంచి 18.55కి దిగుతుంది. చుక్క కనపడగానే తీసేయాలని మాత్రం అనుకోకండి, ముందు నోట్‌బుక్ తీసి చూడండి.

కోడ్_కల్పన
మాస్టారూ ఒక చిన్న అభ్యంతరం. అవే అంకెల్ని ఎక్సెల్ బాక్స్ చార్ట్‌లో పెడితే పెట్టె 16 నుంచి 21 దాకా వస్తుంది, 16.5 నుంచి 20.5 కాదు. నడిమి విలువని రెండు సగాల్లోనూ కలపకుండా వదిలేయడం దాని డిఫాల్ట్. అంటే ఒకే డేటాకి రెండు బొమ్మలు రావచ్చు.

లెక్కల_మాస్టారు
నిజమే కల్పనా, రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. కంచె కూడా అప్పుడు 28.5 అవుతుంది, అయినా 34 బయటే ఉంటుంది. విలువలు వందల్లో ఉంటే ఈ తేడా కంటికి ఆనదు, పదీ పదకొండు ఉన్నప్పుడు ఆనుతుంది. కొన్ని పేపర్లలో పుల్లని నేరుగా గరిష్ఠం దాకా లాగేస్తారు, అప్పుడు చుక్కలే ఉండవు. కాబట్టి చుక్క ఉంటే కంచె పద్ధతి ఏదో వాడారని చెప్పొచ్చు, చుక్క లేకపోతే మాత్రం ఏ పద్ధతో బొమ్మ చూసి చెప్పలేం.

మిరపతోట
మరి మొదటి గడిలో బార్ మీద పుల్ల? అదీ ఇలాంటిదేనా?

మిరియాల_సార్
కాదు, అది వేరే. బాక్స్ పుల్ల డేటా ఎంత దూరం పోయిందో చెప్తుంది. బార్ మీద పుల్ల ఏంటో బొమ్మ చెప్పదు, కింద రాయాలి. పై అంకెలకే స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 5.4, స్టాండర్డ్ ఎర్రర్ దాదాపు 1.6. మొదటిది పెడితే పుల్ల పొడుగ్గా ఉంటుంది, రెండోది పెడితే పొట్టిగా. చాలామంది పొట్టిదే పెడతారు, చక్కగా కనపడుతుంది కదా. పొట్టి పుల్ల చూసి మళ్ళన్నీ ఒకేలా పండాయనుకుంటారు జనం, నిజానికి అది సగటుని ఎంత కచ్చితంగా అంచనా వేశామో చెప్తుందే గానీ మళ్ళ మధ్య తేడా చెప్పదు. మీ కాపీలో ఆ వాక్యం తెగిపోయింది కాబట్టి లైబ్రరీలో అసలు కాపీ తీసుకోకుండా ఆ పుల్ల గురించి ఒక్క మాట కూడా చెప్పొద్దు.

స్వాతి_నర్సింగ్
మాకు ఫస్టియర్‌లో బార్ చార్ట్ అంటే సున్నా నుంచే అని చెప్పారు. మొన్న వాట్సాప్‌లో వచ్చిన ఒక బొమ్మలో బార్లు 90 నుంచి మొదలయ్యాయి, 92, 96 పక్కపక్కన పెడితే రెండోది మూడింతలు కనపడుతోంది. అది బార్ చార్టేనా మరి?

లెక్కల_మాస్టారు
బార్ చార్టే, తప్పుగా గీసింది. బార్‌లో కన్ను చదివేది పొడవుని, పాదం నరికితే పొడవు అబద్ధమవుతుంది. నిజమైన తేడా నాలుగు శాతం చిల్లరే. బాక్స్‌కీ గీతకీ ఆ పట్టింపు లేదు, అక్కడ చదివేది పొడవు కాదు, ఎక్కడుందో ఆ చోటు. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకో మిరపతోటా, ఇందాక నేను చెప్పిన కింది అంచు గుర్తు ఇలాంటి నరికిన బార్లకీ పనిచేస్తుంది, ఎందుకంటే నరికినా అవన్నీ ఒకే వరసలో నిలబడతాయి.

క్యాండిల్_రాజు
ఒకే వరసలో ఉన్న బాక్సులూ ఉండొచ్చుగా? వాన పడిన రోజులు లాంటి డేటాలో సగం విలువలు సున్నాలే ఉంటే?

లెక్కల_మాస్టారు
ఇది మంచి ప్రశ్న. పావు కన్నా ఎక్కువ సున్నాలుంటే పెట్టె కింది అంచు సున్నా మీదే కూర్చుంటుంది, కింది పుల్ల ఉండదు, అచ్చం బార్‌లా కనపడుతుంది. సగం కన్నా ఎక్కువ సున్నాలైతే మీడియన్ కూడా అడుగునే ఉంటుంది, లోపల గీత కూడా కనపడదు. అప్పుడు పైనున్న విడి చుక్కలే ఆధారం. అవీ లేకపోతే బొమ్మ చూసి తేల్చడం కష్టమే, నేనూ తేల్చలేను.

గోదారి_గట్టు
3, 4 గడుల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. చుక్కలుంటే స్కాటర్, గీతుంటే లైన్, అయిపోయింది కదా.

కోడ్_కల్పన
అంత తేలిగ్గా అయిపోదు గట్టు గారూ. చుక్కలున్నంత మాత్రాన స్కాటర్ కాదు. కింది అక్షం చూడండి. అక్కడ రకాల పేర్లు ఉండి, ఒక్కో పేరు మీద చుక్కలు నిలువుగా ఒక పట్టీలా ఉంటే అది స్కాటర్ కాదు, బాక్స్ చెప్పే విషయాన్నే పెట్టె లేకుండా చూపించడం. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా అటూ ఇటూ కాస్త జరుపుతారు, ఆ జరపడానికి అర్థమేమీ ఉండదు. స్కాటర్ అంటే రెండు అక్షాల మీదా కొలిచిన సంఖ్యలుండాలి, ఒక్కో చుక్క ఒక్కో మొక్కో మడో అవ్వాలి. అది చెప్పేది ఒకటి పెరిగితే రెండోది ఎలా మారుతోందని.

మిరపతోట
మూడో గడిలో కింద ఆకు తేమ శాతం, పక్కన తెగులు శాతం. మధ్యలోంచి ఒక సన్నని గీత కూడా వెళ్తోంది, కానీ చుక్కల్ని కలపట్లేదు.

కోడ్_కల్పన
స్కాటరే. ఆ గీత కొలిచింది కాదు, చుక్కల మధ్య నుంచి లెక్కగట్టి వేసింది. చుక్క నుంచి చుక్కకి పోతే లైన్ చార్ట్, చుక్కల్ని పట్టించుకోకుండా తిన్నగా పోతే ఫిట్. గీత ఏటవాలు చూసి మురిసిపోవద్దు, చుక్కలు దానికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడాలి. 1973లో ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న డేటా సెట్లు చేశాడు, ఒక్కోదాంట్లో పదకొండు చుక్కలు. నాలుగింటికీ సగటులు దాదాపు ఒకటే, కోరిలేషన్ దాదాపు 0.816, ఫిట్ గీత కూడా ఒకటే. గీసి చూస్తే ఒకటి మామూలు చెదురు, ఒకటి విల్లులా వంపు, ఒకటి తిన్నటి వరసకి ఒక్క చుక్క దూరం, ఇంకోటి నిలువు వరసగా ఉండి ఒకే ఒక్క చుక్క వల్ల గీత ఏటవాలుగా వచ్చింది.

గోదారి_గట్టు
ఓహో. మరి నాలుగోది? చుక్కలున్నాయి, గీత కలుపుతోంది. లైనే కదా?

లెక్కల_మాస్టారు
లైనే, కానీ ఒకటి చూడాలి. కింద ఏముందమ్మా, వాటి మధ్య దూరం ఎలా ఉంది?

మిరపతోట
నాటిన తర్వాత రోజులు. 15, 30, 60, 120. నాలుగూ సమానమైన దూరంలో ఉన్నాయి. మొక్క ఎత్తు 20, 35, 50, 65 సెంటీమీటర్లు, గీత తిన్నగా వెళ్ళింది. ఎదుగుదల స్థిరంగా ఉందని పేపర్‌లో రాశారు.

లెక్కల_మాస్టారు
అబ్బ, ఇదమ్మా నీ సెమినార్‌కి అసలైన పాయింట్. 15కీ 30కీ మధ్య పదిహేను రోజులు, 60కీ 120కీ మధ్య అరవై రోజులు, బొమ్మలో రెండూ ఒకే దూరం. ఎక్సెల్‌లో లైన్ చార్ట్ తీసుకుంటే ఇలాగే జరుగుతుంది, కింద ఉన్న అంకెల్ని పేర్లలాగా చూసి సమానంగా సర్దుతుంది. వాళ్ళు వాడాల్సింది గీతలు కలిపిన స్కాటర్. లెక్క వేసి చూడు, మొదటి విడతలో రోజుకి 1 సెంటీమీటర్, రెండో విడతలో అర, మూడో విడతలో పావు. ఎదుగుదల స్థిరంగా లేదు, విడతకి సగానికి పడిపోతోంది. నిజమైన దూరాలతో గీస్తే గీత వంగి చదునవుతుంది.

ఎక్సెల్_బాబాయ్
ఇది కరెక్ట్, నేనూ చూశాను. ఆ కింది డేటాని తేదీలుగా మారిస్తే ఎక్సెల్ లైన్ చార్ట్‌లో కూడా దూరాలు సరిగ్గా పడతాయి, అక్షం మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ యాక్సిస్‌లోకి వెళ్తే డేట్ యాక్సిస్ అని ఉంటుంది.

మిరపతోట
ఇంక మా సీనియర్ ముఖం చూడాలి 😊 మాస్టారూ, అయితే మొదటి గడి కూడా బాక్స్‌గా గీసి ఉంటే మంచిదా?

కోడ్_కల్పన
నా ఉద్దేశంలో ఎప్పుడూ బాక్సే మంచిది, బార్ ఒక్క సంఖ్య చెప్పి మిగతాదంతా దాచేస్తుంది.

మిరియాల_సార్
అక్కడ నేను ఒప్పుకోను. మా ట్రయల్స్‌లో ఒక్కో ట్రీట్‌మెంట్‌కి మూడో నాలుగో రెప్లికేషన్లు ఉంటాయి. మూడు అంకెలకి పావు భాగం, ముప్పావు భాగం ఏంటి? పెట్టె గీస్తే ఏదో డేటా చాలా ఉన్నట్టు బిల్డప్ వస్తుంది. మూడుంటే మూడు చుక్కలు పెట్టేయండి, లేదా సగటు బార్ పెట్టి పుల్ల ఏంటో రాయండి. పేపర్‌లో ఎన్ని మళ్ళు తీసుకున్నారో చూసుకో అమ్మా, అది తెలియకుండా బాక్స్‌ని నమ్మడం కుదరదు.

లెక్కల_మాస్టారు
ఇద్దరిదీ కొంత నిజం. బాక్స్ కూడా దాస్తుంది కల్పనా. ఆర్‌లో అమెరికా ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గ డేటా ఉంటుంది, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, 272 సార్లు నీళ్ళు ఎంతసేపు చిమ్మిందో నిమిషాల్లో రాసింది. ఈ రెండూ పక్కపక్కన వేసి చూడు.

```
boxplot(faithful$eruptions)
stripchart(faithful$eruptions, method = "jitter", vertical = TRUE)
```

పెట్టె 2.16 నుంచి 4.46 దాకా వస్తుంది, మీడియన్ 4, చూస్తే కాస్త పైకి జరిగిన మామూలు డేటా. చుక్కలు గీస్తే రెండు గుంపులు, రెండు నిమిషాల చుట్టూ ఒకటి, నాలుగున్నర చుట్టూ ఒకటి. మధ్యలో, మూడు నిమిషాల దగ్గర దాదాపు ఎవరూ లేరు. కానీ పెట్టె సరిగ్గా ఆ ఖాళీ మీదే కూర్చుంది.

కోడ్_కల్పన
వేసి చూశా. నిజంగా ఖాళీ మీదే ఉంది పెట్టె. అయినా బార్ ఏం చెప్తుంది ఇక్కడ, 3.49 అని ఒక్క సగటు, అదీ ఆ ఖాళీలోనే. బాక్సే నయం.

మిరియాల_సార్
272 ఉన్నప్పుడు సరే. మూడు మళ్ళ దగ్గర మాట మాత్రం నాది మారదు.

స్వాతి_నర్సింగ్
మా ప్రాజెక్ట్‌లో వార్డుకి ఐదుగురు పేషెంట్లు, మేడం బాక్స్ గీయమన్నారు. ఐదుకి ఓకేనా?

మిరియాల_సార్
ఐదుకి పెట్టె గీసినా లోపల ఐదు చుక్కలూ కూడా పెట్టమ్మా, చూసేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టుకుంటారు.

మిరపతోట
లైబ్రరీలో అసలు కాపీ దొరికింది. మొదటి గడి కింద స్టాండర్డ్ ఎర్రర్ అని రాసుంది, ఒక్కో ట్రీట్‌మెంట్‌కి నాలుగు రెప్లికేషన్లు. రెండో గడి కింద మీడియన్, క్వార్టైల్స్ అని ఉంది, అది విడి మొక్కల లెక్కట, ట్రీట్‌మెంట్‌కి నలభై మొక్కలు. గీత కనపడని ఆ నాలుగో పెట్టెకి కింది అంచు లావుగానే ఉంది మాస్టారూ. పుల్ల ఎక్కడిదాకా గీశారో మాత్రం ఎక్కడా రాయలేదు.

లెక్కల_మాస్టారు
రాయకపోతే అదే చెప్పు, చుక్కలున్నాయి కాబట్టి ఒకటిన్నర రెట్ల పద్ధతి అయ్యుండొచ్చని చెప్పు, అయ్యిందని చెప్పకు. నాలుగో గడి మీద ప్రశ్న మాత్రం నువ్వే ముందు లేవనెత్తు, గైడ్ అడిగేదాకా ఆగకు.